తిన్నది తేలిగ్గా తిరిగొచ్చే జబ్బు

భోజనం ముగిసిన పది పదిహేను నిమిషాల్లోపే, కొందరిలోనైతే కంచం ముందునుంచి లేవకముందే, తిన్న అన్నం మళ్లీ నోట్లోకి వచ్చేస్తుంది. వికారం ఉండదు. డోకు రాదు. గొంతు కింద చిన్న త్రేన్పులాంటిది కదిలి, ఆ వెంటే గుక్కెడో ముద్దెడో ఆహారం నోటికి చేరుతుంది. దాని రుచి తిన్నప్పటి రుచే. కొందరు దాన్ని మళ్లీ నమిలి మింగేస్తారు, కొందరు నమలకుండానే మింగుతారు, ఇంకొందరు ఉమ్మేస్తారు. కాసేపటికి మళ్లీ వస్తుంది. ఇలా గంటో గంటన్నరో సాగి దానంతటదే ఆగిపోతుంది. తర్వాతి భోజనం దాకా మనిషి మామూలుగానే ఉంటాడు. వైద్యులు దీన్ని రూమినేషన్ సిండ్రోమ్ అంటారు. తెలుగులో నెమరు వ్యాధి అనుకోవచ్చు.

మనుషుల్లో ఈ లక్షణాన్ని వర్ణించిన తొలి వైద్యుల్లో ఇటలీకి చెందిన శరీర నిర్మాణ శాస్త్రవేత్త ఫాబ్రిసియస్ ఒకరు. ఆయన దీని గురించి రాసింది 1618లో. పందొమ్మిదో శతాబ్దపు నాడీ శాస్త్రవేత్త బ్రౌన్ సెకార్‌కు ఈ అలవాటు తన మీద తాను చేసుకున్న ప్రయోగాల వల్లే పట్టుకుందని చెబుతారు. జీర్ణరసాన్ని సేకరించడానికి ఆయన దారం కట్టిన స్పాంజి ముక్కలను మింగి, మళ్లీ పైకి లాగేవాడట. ఇంత పాత జబ్బయినా, ఇది పసిపిల్లల్లోనూ, బుద్ధిమాంద్యం ఉన్నవారిలోనూ మాత్రమే వస్తుందని వైద్యలోకం చాలాకాలం నమ్మింది. చదువుకుని, ఉద్యోగాలు చేసుకుంటూ, ఏ లోపమూ లేని పెద్దవాళ్లలో కూడా ఇది వస్తుందన్న ఎరుక వైద్యుల్లో గట్టిపడింది గత మూడు నాలుగు దశాబ్దాల్లోనే. ఆ ఎరుక ఇప్పటికీ అందరికీ చేరలేదు. అందుకే ఈ రోగులు ఏళ్లతరబడి ‘ఆగని వాంతులు’ అనో, ‘మందులకు లొంగని ఎసిడిటీ’ అనో రాసి ఉన్న చీటీలతో ఒక ఆసుపత్రి నుంచి మరో ఆసుపత్రికి తిరుగుతుంటారు.

ఈ మూడింటినీ విడదీయడం కష్టమేమీ కాదు. కడుపులోని పదార్థాన్ని పైకి నెట్టే బలం ఎక్కడి నుంచి వస్తోందో చూస్తే చాలు.

వాంతిలో ఏం జరుగుతుంది

వాంతి మెదడు నడిపించే పని. మెదడు అడుగుభాగంలో, వెన్నుపాము మొదలయ్యే చోటికి కాస్త పైన, వాంతిని నియంత్రించే నాడీకణాల అల్లిక ఉంది. చెడిన ఆహారంలోని విషం, పేగుల్లోని ఇన్ఫెక్షన్, చెవిలోని సమతౌల్య వ్యవస్థ తడబాటు, గర్భిణుల్లో హార్మోన్ల మార్పు, కీమోథెరపీ మందులు, ఇలా ఏ దారిన కబురు అందినా అక్కడి నుంచి ఒకే రకమైన ఆదేశం బయల్దేరుతుంది. ముందు వికారం పుడుతుంది. నోట్లో నీళ్లూరుతాయి, ముఖం పాలిపోతుంది, ఒళ్లు చెమట పడుతుంది. చిన్నపేగు నడిమి భాగం నుంచి పైకి, మామూలుకు ఎదురు దిశలో ఒక బలమైన అల నడిచి పేగులోని పదార్థాన్ని జీర్ణాశయంలోకి తోస్తుంది. వాంతిలో ఒక్కోసారి పసుపుపచ్చని పైత్యరసం కనిపించేది అందుకే.

ఆ తర్వాత డోకులు. గొంతులోని గాలిదారి మూసుకుని ఉండగా, ఛాతీకీ పొట్టకీ మధ్య పరదాలా ఉండే డయాఫ్రమ్, పొట్ట కండరాలు కలిసి లయబద్ధంగా బిగుసుకుంటాయి. డోకు వస్తున్నంతసేపూ నోట్లోంచి ఏమీ పడకపోవచ్చు. చివరికి అన్నవాహిక చుట్టూ ఉన్న డయాఫ్రమ్ భాగం వదులవుతుంది, పొట్ట కండరాలు ఒక్కసారిగా గట్టిగా బిగుసుకుంటాయి, లోపలున్నది వేగంగా బయటపడుతుంది. మనిషి వంగిపోతాడు, కళ్లవెంట నీళ్లొస్తాయి, అయ్యాక నీరసపడతాడు. బయటపడినదాన్ని మళ్లీ మింగాలన్న ఆలోచనే ఎవరికీ రాదు.

నెమరు వ్యాధిలో ఇవేవీ ఉండవు. వైద్యులు దీన్ని గుర్తించడానికి వాడే రోమ్ ప్రమాణాల్లో (2016లో వచ్చిన నాలుగో కూర్పు) డోకులు లేకపోవడం ఒక తప్పనిసరి షరతు. ఇప్పుడే తిన్న ఆహారం పదేపదే నోట్లోకి రావడం, దాన్ని ఉమ్మడమో మళ్లీ నమిలి మింగడమో జరగడం, దానికి ముందు డోకులు లేకపోవడం ఈ రోగనిర్ధారణకు అసలైన గుర్తులు. ఈ లక్షణాలు మొదలై కనీసం ఆరు నెలలు గడిచి ఉండాలి, గత మూడు నెలలుగా కనిపిస్తూ ఉండాలి.

రిఫ్లక్స్‌లో ఏం జరుగుతుంది

జనం ఎసిడిటీ అనీ, గ్యాస్ ట్రబుల్ అనీ, పుల్లటి త్రేన్పులు అనీ చెప్పుకునేదాంట్లో చాలాభాగం రిఫ్లక్స్. అన్నవాహిక జీర్ణాశయంలో కలిసే చోట ఒక కండర వలయం ఉంటుంది. మింగినప్పుడు తెరుచుకుని, మిగతా వేళల్లో బిగుసుకుని ఉండటం దాని పని. కడుపు నిండినప్పుడు, ముఖ్యంగా గాలి చేరినప్పుడు, ఆ వలయం కొన్ని క్షణాలపాటు దానంతటదే వదులవుతుంది. అందరిలోనూ అది జరుగుతుంది. త్రేన్పు వచ్చేది అలాగే. రిఫ్లక్స్ రోగుల్లో ఆ వదులైన క్షణాల్లో గాలితోపాటు ఆమ్లం కూడా పైకి వస్తుంది. కొందరిలో ఆ వలయమే బలహీనపడి ఉంటుంది, మరికొందరిలో జీర్ణాశయం పైభాగం డయాఫ్రమ్ రంధ్రం గుండా కొద్దిగా ఛాతీలోకి జారి ఉంటుంది.

ఇక్కడ తలుపు సరిగా పడకపోవడమే సమస్య. వెనకనుంచి బలంగా తోసేది ఏదీ లేదు. అందువల్ల పైకి వచ్చేది ఎక్కువగా ద్రవం, అది పుల్లగానో చేదుగానో ఉంటుంది. చాలాసార్లు అది నోటిదాకా రాకుండా ఛాతీ మధ్యలోనే ఆగి మంట పుట్టిస్తుంది. వంగితే, బరువెత్తితే, తిన్నవెంటనే పడుకుంటే ఎక్కువవుతుంది. అర్ధరాత్రి గొంతులో పులుపు తగిలి, దగ్గు వచ్చి మెలకువ రావడం రిఫ్లక్స్ రోగుల నుంచి తరచూ వినిపించే మాట.

నెమరు వ్యాధి ఉన్నవారు నిద్రలో దాదాపు ఎప్పుడూ ఇబ్బంది పడరు. పైకి వచ్చేది ద్రవం మాత్రమే కాదు, గుర్తుపట్టగల అన్నం మెతుకులు, కూర ముక్కలు. మొదట్లో అది పుల్లగా ఉండదు. పులుపు మొదలయ్యేసరికి వ్యవహారం ముగుస్తుంది. ఈ చివరి విషయానికి కారణం ఉంది. జీర్ణాశయం ఆమ్లాన్ని స్రవిస్తూనే ఉంటుంది, కానీ అప్పుడే తిన్న అన్నం, పప్పు, పెరుగు ఆ ఆమ్లాన్ని కొంతసేపు పీల్చుకుని దాని తీవ్రతను తగ్గిస్తాయి. గంట, గంటన్నర గడిచేసరికి ఆ శక్తి ఉడిగి, కడుపులోది నిజంగా పులుస్తుంది. రుచి చెడగానే పైకి తెచ్చే పని ఆగిపోతుంది. కాబట్టి పులుపుతో మొదలైతే రిఫ్లక్స్‌ను, పులుపుతో ఆగితే నెమరును ముందుగా అనుమానించాలి.

నెట్టేది పొట్ట గోడే

నెమరు వ్యాధిలో బలం పొట్ట ముందరి గోడ కండరాల నుంచి వస్తుంది. భోజనం తర్వాత అవి ఉన్నట్టుండి ఒక క్షణం బిగుసుకుంటాయి. దాంతో జీర్ణాశయంలోని ఒత్తిడి అమాంతం పెరుగుతుంది. అదే సమయంలో ఛాతీలో ఒత్తిడి తగ్గుతుంది, అన్నవాహిక కింది కండర వలయం వదులవుతుంది. ఎక్కువ ఒత్తిడి ఉన్న చోటినుంచి తక్కువ ఒత్తిడి ఉన్న చోటికి ఆహారం ఎక్కేస్తుంది. గొంతు దగ్గరి పై వలయం కూడా తెరుచుకోగానే నోట్లోకి చేరుతుంది. మొత్తం కొన్ని సెకన్ల పని. అన్నవాహిక తనంతట తాను ఎదురు దిశలో నెట్టడం లేదు, జీర్ణాశయం నెట్టడం లేదు. అవి రెండూ ఆరోగ్యంగానే ఉంటాయి. ఎండోస్కోపీలో ఏమీ కనిపించకపోవడానికి కారణం అదే.

ఈ ఒత్తిడిని కొలవచ్చు. ముక్కులోంచి జీర్ణాశయం దాకా సన్నని గొట్టం వేసి, దాని పొడవునా ఉన్న సెన్సర్లతో ఒత్తిడినీ, ఆహారం కదలికనూ ఒకేసారి నమోదుచేసే పరీక్ష ఉంది. రోగికి గొట్టం ఉండగానే భోజనం పెట్టి, తర్వాత గంటసేపు చూస్తారు. ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు 2014లో ప్రతిపాదించిన కొలత ప్రకారం, ఆహారం పైకి వస్తున్న క్షణంలో జీర్ణాశయంలోని ఒత్తిడి 30 మిల్లీమీటర్ల పాదరసాన్ని దాటితే అది నెమరు. రిఫ్లక్స్‌లో అంత ఎత్తు శిఖరం కనిపించదు. ఇదే పరీక్ష మరో సంగతిని కూడా బయటపెట్టింది. నెమరు అందరిలోనూ ఒకేలా మొదలవదు. ఎక్కువమందిలో పొట్ట బిగుసుకోవడంతోనే మొదలవుతుంది. కొందరిలో ముందు మామూలు రిఫ్లక్స్ జరిగి, కింద కలిగిన ఆ ఇబ్బందికి స్పందనగా పొట్ట బిగుసుకుంటుంది. ఇంకొందరు తెలియకుండా గాలిని అన్నవాహికలోకి లాగి వెంటనే త్రేన్చుతుంటారు, ఆ త్రేన్పుతోపాటే పొట్ట బిగుసుకుని ఆహారం వచ్చేస్తుంది. రెండో రకంలో రిఫ్లక్స్, నెమరు రెండూ కలిసి ఉంటాయి కనుక అలాంటివారికి రెండిటికీ వైద్యం కావాలి.

ఆవు నెమరుకూ దీనికీ పోలిక పైపైనే. ఆవుకు నాలుగు గదుల కడుపు ఉంది. గడ్డిని తొందరగా మింగి మొదటి గదిలో నానబెట్టి, తీరిగ్గా పైకి తెచ్చుకుని మెత్తగా నమలడం దాని జీర్ణక్రియలో భాగం. మనిషి కడుపుకు ఆ అవసరం లేదు. ఇది శరీరం ఎప్పుడో నేర్చుకుని మానలేకపోతున్న ఒక కండరాల అలవాటు.

ఎలా నేర్చుకుంటుంది అన్నదానికి వైద్యులు చెప్పే వివరణ నమ్మదగినట్టే ఉంది. చాలామంది రోగులు తమ జబ్బు ఒక కడుపు ఇన్ఫెక్షన్ తర్వాతో, ఒక ఆపరేషన్ తర్వాతో, జీవితంలో గట్టి ఒత్తిడి ఎదురైన రోజుల్లోనో మొదలైందని చెబుతారు. ఆ సమయంలో తిన్నప్పుడల్లా పైపొట్టలో బరువు, బిగువు, అసౌకర్యం. పొట్ట కండరాలు బిగుసుకుని కొంత ఆహారం పైకి వస్తే ఆ బిగువు తగ్గుతుంది. తగ్గిందన్న హాయి వల్ల శరీరం మళ్లీ అదే పని చేస్తుంది. కొన్ని వారాల్లో అది మనిషి ప్రమేయం లేకుండా, తిండి కడుపులో పడగానే జరిగే చర్య అవుతుంది. మొదటి జబ్బు ఎప్పుడో నయమైపోయినా ఈ చర్య మిగిలిపోతుంది. రోగి కావాలని చేయడం లేదు, పొట్ట బిగుసుకుంటున్నట్టు అతనికి తెలియను కూడా తెలియదు. ‘తిన్నది కక్కుకోవడం నీకు అలవాటైపోయింది’ అని ఇంట్లోవాళ్లు విసుక్కోవడం ఈ రోగుల పట్ల జరిగే పెద్ద అన్యాయం.

ఒక ఉదాహరణ

ఇలాంటి రోగుల చరిత్రల్లో మళ్లీ మళ్లీ కనిపించే వివరాలను ఒకచోట చేర్చి ఒక ఉదాహరణ తీసుకుందాం. 31 ఏళ్ల ఉపాధ్యాయిని. రెండేళ్ల కిందట మూడు రోజులపాటు వాంతులు, విరేచనాలు అయ్యాయి. అవి తగ్గినా తిన్నాక పొట్ట బిగదీసినట్టు ఉండేది. నెల తిరిగేసరికి తిన్నది నోట్లోకి రావడం మొదలైంది. మధ్యాహ్నం ఒంటిగంటకు పప్పు, సొరకాయ కూర, మజ్జిగన్నం తింటుంది. ఒంటిగంటా పదికి మొదటి ముద్ద పైకొస్తుంది, రుచి పప్పన్నానిదే. క్లాసులో ఉంటే గుట్టుగా మింగేస్తుంది, ఇంట్లో ఉంటే వాష్‌బేసిన్ దగ్గరికి వెళ్తుంది. అలా ఎనిమిది పదిసార్లు. రెండు దాటేసరికి వచ్చేది పుల్లగా ఉంటుంది, అక్కడితో ఆగుతుంది. మంచినీళ్లు తాగినా కొన్నిసార్లు ఇదే వరస. రాత్రిపూట ఏ ఇబ్బందీ లేదు.

బడిలో భోజనం మానేసింది. పెళ్లిళ్లకు వెళ్లడం తగ్గించింది, వెళ్లినా బంతిలో కూర్చోదు. ఆరు కిలోల బరువు తగ్గింది. నోటి దుర్వాసన, పళ్లు జివ్వుమనడం వచ్చాయి. డాక్టరుకు ఆమె చెప్పిన మాట ‘తిన్నదల్లా వాంతి అయిపోతోంది’ అన్నదొక్కటే. దాంతో వాంతులు తగ్గడానికి ఒండాన్సెట్రాన్, కడుపు త్వరగా ఖాళీ కావడానికి డోంపెరిడోన్, ఆమ్లం తగ్గడానికి పాంటోప్రజోల్ 40 మిల్లీగ్రాములు రాశారు. ఎండోస్కోపీ చేస్తే అంతా మామూలుగానే ఉంది. మందుల మోతాదు పెంచారు. ఫలితం లేదు.

ఫలితం ఉండే వీలూ లేదు. ఒండాన్సెట్రాన్ మెదడుకు వెళ్లే వికారపు కబురును ఆపుతుంది, ఈమెకు వికారమే లేదు. డోంపెరిడోన్ జీర్ణాశయాన్ని తొందరపెడుతుంది, ఈమె జీర్ణాశయం నెమ్మదించలేదు. పాంటోప్రజోల్ ఆమ్లాన్ని తగ్గిస్తుంది, పొట్ట గోడ బిగుసుకోవడాన్ని ఆపదు. పైగా ఈ చర్య ఆగడానికి తోడ్పడే పులుపు ఆ మందు వల్ల ఆలస్యమయ్యే అవకాశం కూడా లేకపోలేదు.

చివరికి ఒక వైద్యుడు వేరే ప్రశ్నలు వేస్తాడు. తిన్న ఎంతసేపటికి వస్తుంది? ముందు కడుపులో తిప్పుతుందా, డోకు వస్తుందా? రుచి ఎలా ఉంటుంది? వచ్చినదాన్ని ఏం చేస్తావమ్మా? నిద్రలో ఎప్పుడైనా వచ్చిందా? నాలుగో ప్రశ్నకు ఆమె తలదించుకుంటుంది. మళ్లీ మింగుతానని అంతకుముందు ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఆ వైద్యుడు ఆమెతో అక్కడే రెండు ఇడ్లీలు తినిపించి, గ్లాసెడు నీళ్లు తాగించి, పొట్ట మీద చెయ్యి ఉంచి కూర్చుంటాడు. పది నిమిషాల్లో ఆ చేతి కింద పొట్ట గోడ ఠక్కున గట్టిపడుతుంది, మరుక్షణం ఆమె చెయ్యి నోటికి అడ్డం వెళుతుంది. తన పొట్ట బిగుసుకుంటోందని ఆమె మొదటిసారి గమనించేది అప్పుడే. లక్షణాలు ఇంత స్పష్టంగా ఉంటే గొట్టం పరీక్ష లేకుండానే నిర్ధారణకు రావచ్చు. ఆ పరీక్ష అనుమానం తీరనప్పుడూ, రోగికి కళ్లారా చూపించాల్సివచ్చినప్పుడూ పనికొస్తుంది.

వైద్యం శ్వాసతో

చికిత్సలో ముఖ్యమైనది మందు కాదు, డయాఫ్రమ్‌తో శ్వాస తీసుకోవడం నేర్చుకోవడం. దీని వెనకున్న తర్కం సూటిగా ఉంటుంది. డయాఫ్రమ్ కిందికి దిగుతూ లోపలికి గాలి పీల్చేటప్పుడు పొట్ట ముందుకు ఉబ్బాలి. అంటే పొట్ట గోడ వదులుగా ఉండాలి. అదే క్షణంలో అది బిగుసుకోలేదు. పైగా డయాఫ్రమ్ అన్నవాహిక చుట్టూ బిగుసుకుని కింది కండర వలయానికి బలం చేకూరుస్తుంది. ఇలా నెట్టే బలం తగ్గుతుంది, ద్వారం బిగువు పెరుగుతుంది.

మొదట ఖాళీ కడుపుతో, వెల్లకిలా పడుకుని సాధన చేయిస్తారు. ఒక చెయ్యి ఛాతీ మీద, ఒక చెయ్యి బొడ్డుకు కాస్త పైన. ముక్కుతో నెమ్మదిగా గాలి పీలిస్తే పొట్ట మీది చెయ్యి పైకి లేవాలి, ఛాతీ మీది చెయ్యి కదలకూడదు. అంతే నెమ్మదిగా వదలాలి. నిమిషానికి ఆరు నుంచి ఎనిమిది శ్వాసలు చాలు. ఎక్కువమందికి మొదట్లో ఛాతీ చెయ్యే లేస్తుంది. అది సరిపడ్డాక కుర్చీలో కూర్చుని చేయాలి. ఆ తర్వాత భోజనానికి వర్తింపజేయాలి. చివరి ముద్ద మింగగానే మొదలుపెట్టి పదిహేను నిమిషాలు, ఆ తర్వాత ఏమైనా కదులుతున్నట్టు అనిపించిన ప్రతిసారీ కొన్ని నిమిషాలు. ఆహారం నోట్లోకి వచ్చేసినా దాన్ని మింగి, వెంటనే శ్వాస కొనసాగించాలి.

చాలామంది పొరబడేది వేళ విషయంలోనే. పొద్దున్నే ప్రాణాయామంలాగా ఒకసారి చేసి, తిన్నాక మరిచిపోతారు. జబ్బు తిన్న తర్వాతి గంటలో ఉంది కనుక శ్వాస కూడా ఆ గంటలోనే ఉండాలి. రెండో పొరపాటు, పొట్టను కండరాల బలంతో ముందుకు తోయడం. అప్పుడు శ్వాస లేకుండానే చెయ్యి లేస్తుంది, లాభం ఉండదు. సరిగా చేసేవారిలో కొందరికి మొదటి రోజే తేడా తెలుస్తుంది, ఎక్కువమందికి కొన్ని వారాల సాధన పడుతుంది. పొట్ట మీద సెన్సర్లు అంటించి, కండరాల బిగువును తెర మీద చూపిస్తూ వదులు చేయడం నేర్పే పద్ధతిని స్పెయిన్‌లోని బార్సిలోనా వైద్యులు ప్రయోగించి మంచి ఫలితాలు చూపారు. శ్వాస ఒక్కటే చాలనివారికి బాక్లోఫెన్ అనే మందు తోడిస్తారు. అది కండర వలయం బిగువును పెంచుతుంది. మగత, తలతిరుగుడు దాని దుష్ఫలితాలు కనుక వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలి. అనవసరమైన భయం, ఆందోళన జబ్బును పెంచుతున్నప్పుడు మనస్తత్వ నిపుణుల సాయం కూడా ఉపయోగపడుతుంది.

పొరబడకూడని ఇతర జబ్బులు

తిన్నది తిరిగి రావడమల్లా నెమరు కాదు. అకలేషియా అనే జబ్బులో కింది కండర వలయం తెరుచుకోక, ఆహారం అన్నవాహికలోనే నిలిచిపోతుంది. అక్కడి నుంచి వెనక్కి వచ్చినది కూడా పుల్లగా ఉండదు, వికారం కూడా ఉండదు. కానీ అకలేషియాలో మింగడమే కష్టం. ముద్ద ఛాతీలో ఇరుక్కున్నట్టుంటుంది, నీళ్లు తాగినా దిగదు, పడుకున్నప్పుడు కూడా వస్తుంది, నిన్నటి తిండి ఇవాళ కనిపించవచ్చు. ఎండోస్కోపీతోపాటు అన్నవాహిక ఒత్తిడి పరీక్ష దీన్ని పట్టిస్తుంది.

బరువు పెరుగుతామన్న భయంతో కావాలని కక్కుకునే బులీమియా మరొకటి. అక్కడ వేలుతోనో మరోలాగో ప్రయత్నం ఉంటుంది, శరీరాకృతి గురించిన వ్యథ ఉంటుంది. నెమరు రోగికి ఆ వ్యథ లేదు, బరువు తగ్గుతున్నందుకు బాధపడతాడు. అయితే కొందరిలో రెండూ కలిసి ఉండటం కద్దు, కాబట్టి వైద్యుడు నొప్పించకుండా ఆ ప్రశ్న కూడా అడగాలి. జీర్ణాశయం నెమ్మదించే గ్యాస్ట్రోపరేసిస్‌లో వికారం ముఖ్యం, వాంతి తిన్న కొన్ని గంటలకు అవుతుంది. మధుమేహం పాతబడినవారిలో దీన్ని గుర్తుంచుకోవాలి. నెమరు రోగికి జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగాన్ని కొలిచే పరీక్ష చేసేటప్పుడు, పరీక్ష కోసం తిన్న ఆహారాన్నే అతను పైకి తెచ్చేసుకుంటాడు. దాంతో ఫలితం తారుమారై, లేని జబ్బు ఉన్నట్టు తేలుతుంది. ఆపరేషన్ దాకా వెళ్లేముందు ఈ సంగతిని ఆలోచించడం అవసరం.

రక్తం కనబడినా, నల్లటి విరేచనం అయినా, మింగుతుంటే అడ్డుపడినా, రాత్రి నిద్రలో వచ్చినా, కడుపునొప్పి తీవ్రంగా ఉన్నా, వయసు మళ్లాక కొత్తగా మొదలైనా దాన్ని నెమరు అని సరిపెట్టుకోకూడదు. ముందు ఎండోస్కోపీ చేయించుకోవాలి. బరువు బాగా తగ్గినవారికీ, రోజూ చాలా ఉమ్మేస్తున్నవారికీ రక్తంలో పొటాషియం వంటి లవణాలు చూడటం మంచిది. పళ్ల ఎనామిల్ అరుగుతుంది కనుక దంతవైద్యుడి దగ్గరికి వెళ్లాలి. ఆహారం పైకి వచ్చిన వెంటనే బ్రష్ చేయకుండా నీళ్లతో పుక్కిలించడం మేలు.

ఇలాంటి లక్షణం ఉన్నవారు వైద్యుడి దగ్గరికి వెళ్లేముందు ఒక వారంపాటు కాగితం మీద రాసుకోవాలి. ఏం తిన్నారు, ఎన్ని నిమిషాలకు పైకి వచ్చింది, రుచి ఎలా ఉంది, ముందు వికారం ఉందా లేదా, వచ్చినదాన్ని మింగారా ఉమ్మారా, ఎప్పుడు ఆగింది. ఆ కాగితాన్ని డాక్టరు చేతిలో పెట్టి, సిగ్గుపడకుండా ఉన్నదున్నట్టు చెప్పాలి. ‘వాంతులవుతున్నాయి’ అన్న ఒక్క మాటతో ఊరుకుంటే దొరికేది వాంతుల మందే.